బల్బు పెట్టెలో పడ్డాకే ఖర్చు రాస్తే: బ్యాక్‌ఫ్లష్ కాస్టింగ్‌లో తేడా ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: సార్, బరంపురం దగ్గర చిన్న ఎల్‌ఈడీ బల్బుల యూనిట్‌లో అకౌంట్స్ చూస్తున్నాను. సరుకు విశాఖ నుంచి రెండు రోజులకోసారి వ్యాన్‌లో వస్తుంది, అసెంబుల్ చేసి వెంటనే పంపేస్తాం. మా ఓనర్ గారు "ఇష్యూ స్లిప్పులు, డబ్ల్యూఐపీ ఖాతా అన్నీ తీసెయ్, బ్యాక్‌ఫ్లష్ పెట్టు" అంటున్నారు. పెట్టాను. నెలాఖరుకి లెక్కపెడితే సరుకు ₹6,000 తక్కువ వచ్చింది. ఇది పద్ధతి తప్పా, నా తప్పా? ఆడిటర్ ఒప్పుకుంటారా?

సమాధానం:

పద్ధతి తప్పు కాదు, మీ తప్పూ కాకపోవచ్చు. ఆ ఆరు వేలు నెల పొడవునా కొంచెం కొంచెంగా పోయి ఉంటుంది. పాత పద్ధతిలో అయితే ఏ రోజు పోయింది ఆ రోజు స్లిప్పులో కనిపించేది. బ్యాక్‌ఫ్లష్‌లో పూర్తయిన బల్బుల నుంచి వెనక్కి లెక్కేసి వాడకం రాస్తాం కాబట్టి, అది నెలాఖరు లెక్కింపులో ఒక్కసారిగా బయటపడుతుంది. అందుకే దాన్ని చూడగానే "తరుగు" అని రాసి కొట్టేయకుండా, విడగొట్టి చూడాలి. మీరు అంకెలు పూర్తిగా ఇవ్వలేదు కాబట్టి మీ యూనిట్ సైజుకి తగ్గట్టు నేనే వేసి చూపిస్తాను. మీ అసలు అంకెలు వాటి చోట పెట్టుకోండి.

తొమ్మిది వాట్ల బల్బు ఒకటే తయారవుతోందనుకుందాం. ఒక్కో బల్బుకి డ్రైవర్ అనే కరెంటు సర్క్యూట్ ₹15, చిప్పులున్న ప్లేటు ₹10, హౌసింగ్ ₹8, పైన తెల్ల డిఫ్యూజర్ ₹3, క్యాప్ ₹2, అట్టపెట్టె ₹2. మొత్తం ₹40. కూలి, కరెంటు, షెడ్డు అద్దె, సూపర్‌వైజర్ జీతం కలిపి కన్వర్షన్ ఖర్చు బల్బుకి ₹10 అని అంచనా. అంటే స్టాండర్డ్ ధర ₹50. నెలకి 25 రోజులు, రోజుకి 800 చొప్పున 20,000 బల్బులు.

పాత పద్ధతిలో ఈ ఆరు భాగాలకి రోజూ స్టోర్ నుంచి టేబుల్ మీదకి ఇష్యూ రాయాలి. నెలకి 150 ఎంట్రీలు. వాటి మీద సగం తయారైన సరుకుకి డబ్ల్యూఐపీ ఖాతా, దాన్నుంచి ఫినిష్డ్ గూడ్స్‌కి బదిలీ. పొద్దున ఇష్యూ చేసిన డ్రైవర్ సాయంత్రానికి బల్బులో ఉంటుంది, మర్నాడు ఛత్రపురం బజారులో ఉంటుంది. పన్నెండు గంటలు కూడా నిలవని సరుకు కోసం ఒక ఖాతా పెట్టి దాని వెంట పరుగెత్తడం వృథా అని మీ ఓనర్ గారు అంటే అందులో న్యాయం ఉంది. బ్యాక్‌ఫ్లష్‌లో మనం టేబుల్ వైపు చూడం. మంచి బల్బు పూర్తయి పెట్టెలో పడ్డాక, "ఇన్ని బల్బులు అయ్యాయంటే ఇన్ని డ్రైవర్లు, ఇన్ని ప్లేట్లు వాడే ఉంటారు" అని వెనక్కి లెక్కేసి ఒకేసారి రాస్తాం.

ఎప్పుడెప్పుడు రాయాలన్న దాంట్లో రకాలున్నాయి. కొందరు సరుకు కొన్నప్పుడు, బల్బు పూర్తయినప్పుడు, అమ్మినప్పుడు మూడుసార్లు రాస్తారు. కొందరు కొన్నప్పుడూ అమ్మినప్పుడూ మాత్రమే రాస్తారు. ఇంకొందరు కొనుగోలును కూడా వదిలేసి, పూర్తయినప్పుడే మొదటి ఎంట్రీ వేస్తారు. ఆ మూడోది మన వైపు యూనిట్లకి నేను చెప్పను. సప్లయర్ షెడ్డు మన షెడ్డు పక్కనే ఉండి, గంటగంటకీ సరుకు వచ్చేచోట అది నడుస్తుంది. మీకు సరుకు ఎన్‌హెచ్-16 మీద రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు దాటి వస్తోంది. బిల్లు వచ్చిన రోజే కొనుగోలు పుస్తకంలోకి ఎక్కాలి, జీఎస్టీ కోసమైనా తప్పదు. కాబట్టి మొదటి రకమే పెట్టుకోండి.

ఎంట్రీలు ఇలా పడతాయి. నెలలో 21,000 సెట్ల సరుకు కొన్నారు: "మెటీరియల్ అండ్ ఇన్‌ప్రాసెస్" ఖాతా డెబిట్ ₹8,40,000, సప్లయర్లకి క్రెడిట్. పేరు చూడండి, స్టోర్లో ఉన్నదీ టేబుల్ మీద ఉన్నదీ రెండూ ఆ ఒక్క ఖాతాలోనే. మీరు తీసేసిన డబ్ల్యూఐపీ అక్కడే దాక్కుంది. కూలి, కరెంటు, అద్దె నిజంగా అయింది ₹2,12,000: కన్వర్షన్ కంట్రోల్ ఖాతాకి డెబిట్. 20,000 బల్బులు పూర్తయ్యాయి: ఫినిష్డ్ గూడ్స్ డెబిట్ ₹10,00,000, అందులో ₹8,00,000 మెటీరియల్ ఖాతాకి క్రెడిట్, ₹2,00,000 కన్వర్షన్ అప్లయిడ్‌కి క్రెడిట్. 19,600 అమ్మారు: అమ్మిన సరుకు ఖర్చు డెబిట్ ₹9,80,000, ఫినిష్డ్ గూడ్స్ క్రెడిట్. గోడౌన్‌లో 400 బల్బులు, ₹20,000.

నిజంగా అయినదానికంటే కన్వర్షన్‌లో ₹12,000 తక్కువ ఎక్కింది. దాన్ని నెలాఖరున అమ్మిన సరుకు ఖర్చుకి పంపేయండి. నిక్కచ్చిగా అయితే అందులో కొంత ఆ 400 బల్బులకి కూడా చెందాలి కదా అని ఎవరైనా అడగొచ్చు. 12,000ని 20,000తో భాగించి 400తో గుణించండి, ₹240 వస్తుంది. ఆ 240 కోసం కూర్చుని పంచడం అవసరమా? స్టాక్ తక్కువగా ఉన్నంతకాలం బ్యాక్‌ఫ్లష్ చేసే తప్పులు ఈ సైజులోనే ఉంటాయి.

ఇక మీ ఆరు వేల సంగతి. పుస్తకం ప్రకారం మెటీరియల్ ఖాతాలో ₹40,000 మిగలాలి, అంటే ప్రతి భాగం వెయ్యేసి. కౌంటింగ్‌లో ₹34,000 వచ్చింది. చాలామంది ఇక్కడే ఆగిపోయి, 150 సెట్లు తగ్గాయని ₹6,000 నష్టానికి రాసేస్తారు. సెట్లు ఎప్పుడూ తగ్గవు, భాగాలు తగ్గుతాయి. ప్రతి భాగాన్నీ విడిగా లెక్కపెట్టండి. స్టోర్లోవీ, టేబుల్ మీద సగం బిగించినవాటిలోవీ కలిపి. ఇలా వచ్చిందనుకోండి: డ్రైవర్లు 620, ప్లేట్లు 980, హౌసింగులు 990, డిఫ్యూజర్లు 960, క్యాపులు 1,050, పెట్టెలు సరిగ్గా 1,000.

డ్రైవర్లు 380 తక్కువ, ₹5,700. ప్లేట్లు ₹200, హౌసింగులు ₹80, డిఫ్యూజర్లు ₹120. క్యాపులు ఎదురు 50 ఎక్కువ, ₹100 లాభం. మొత్తం కలిపితే అదే ₹6,000. కానీ ఇప్పుడు కథ మారిపోయింది. మీ షెడ్డులో తరుగు సమస్య లేదు, డ్రైవర్ సమస్య ఉంది. క్యాపులు ఎక్కువ రావడం దొంగలెక్క కాదు. చిన్న సరుకు కాబట్టి సప్లయర్ తూకం వేసి ఇస్తాడు, నాలుగు ఎక్కువ పడతాయి. దాని గురించి టెన్షన్ వద్దు.

డ్రైవర్ల కోసం సోల్డరింగ్ టేబుల్ దగ్గరికి మీరే వెళ్లి ఒక గంట నిలబడండి. డ్రైవర్‌ను హౌసింగ్‌లో దించి, ప్లేటుకి టంకం వేసి, క్యాప్ పంచింగ్‌కి ముందు ఒకసారి వెలిగించి చూస్తారు. వెలగకపోతే ఆ అమ్మాయి డ్రైవర్ పీకి టేబుల్ కింద బకెట్‌లో పడేసి ఇంకొకటి పెడుతుంది. అర నిమిషం పని. బల్బు మంచిదై బయటికి వస్తుంది. మీ పుస్తకం ఆ బల్బుకి ఒక డ్రైవరే వాడారనుకుంటుంది, నిజానికి రెండు పోయాయి. బ్యాక్‌ఫ్లష్ మంచి బల్బుల్నే చూస్తుంది, బకెట్‌ని చూడదు. నేను ఇలాంటి ఒక షెడ్డులో ఆ బకెట్ బోర్లించి లెక్కపెట్టించాను. ఓనర్ "అవి చెత్త సార్" అన్నాడు. ఆ చెత్తలోనే జవాబు ఉంది.

మన లెక్కలో బకెట్‌లో 310 దొరికాయనుకుందాం. ఇవి సోల్డరింగ్‌లో కాలినవా, వచ్చినప్పుడే పాడైనవా అని పది ముక్కలు తీసి చూడండి. టంకం సరిగ్గా ఉండి వెలగకపోతే అది సప్లయర్ సరుకు లోపం. 310 ఇంటూ 15, ₹4,650. సరుకు వాపసు పంపి డెబిట్ నోట్ ఇవ్వాల్సిన డబ్బు. "తరుగు" అని ₹6,000 ఒకే ఎంట్రీలో కొట్టేసి ఉంటే, వేరేవాడు ఇవ్వాల్సిన డబ్బుని మీరే మీ ఖర్చులో రాసుకున్నట్టు. నెలల తరబడి ఇలా రాసుకున్నవాళ్లను చూశాను.

మిగతా 70? అడిగితే తెలుస్తుంది. సాధారణంగా దుకాణదారు "రెండు డ్రైవర్లు ఉంటే ఇవ్వండి బాబూ, రిపేరుకి" అని అడిగితే ఓనర్ గారే గుప్పెడు తీసి ఇచ్చి ఉంటారు. అది తప్పని అనను, కానీ కాగితం ఉండాలి. వారంటీ కింద ఇచ్చినదానికీ, ఉట్టినే శాంపిల్‌గా ఇచ్చినదానికీ జీఎస్టీలో తేడా ఉంది. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) ప్రకారం పోయిన, దొంగిలించబడిన, నాశనమైన, రైట్ ఆఫ్ చేసిన సరుకు మీద, బహుమతిగానో ఉచిత శాంపిల్‌గానో ఇచ్చిన సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు. "స్టాక్ రైట్ ఆఫ్ ₹6,000" అని మీ చేత్తో మీరే నరేషన్ రాస్తే, రేపు ఆఫీసర్ ఆ మాటనే పట్టుకుంటాడు. ఏది దేనికి పోయిందో విడగొట్టి రాస్తే మొత్తం ఆరు వేల మీదా ఆ వాదన రాదు.

అంటే చివరి ఎంట్రీ ఇదీ: మెటీరియల్ ఖాతా క్రెడిట్ ₹6,000, సప్లయర్ డెబిట్ ₹4,650, డ్రైవర్ల తాలూకు ₹1,050, చిల్లర తరుగు ₹300 కలిపి ₹1,350 ఖర్చుకి. సప్లయర్ ఒప్పుకోకపోతే ఆ ₹4,650 కూడా ఖర్చుకే వస్తుంది, అప్పుడైనా ఎందుకు వచ్చిందో తెలిసి వస్తుంది.

తర్వాతి నెల నుంచి ఒక అలవాటు పెట్టుకోండి. ప్రతి భాగం తేడాని పూర్తయిన బల్బులతో భాగించండి. డిఫ్యూజర్లు 40 పోయాయి, 20,000కి 0.2 శాతం. ప్రెస్సులో పగిలేవి నెలనెలా ఇంచుమించు ఇంతే ఉంటే అది మామూలు తరుగు. వెయ్యి బల్బులకి 1,002 డిఫ్యూజర్లని, బల్బుకి ఏ భాగం ఎంత పడుతుందో రాసే బిల్ ఆఫ్ మెటీరియల్స్‌లోనే పెట్టేయండి, తేడా దానంతట అదే సర్దుకుంటుంది. డ్రైవర్ల ఒకటిన్నర శాతాన్ని మాత్రం అందులో పెట్టొద్దు. పెడితే సప్లయర్ తప్పు మీ స్టాండర్డ్ అయిపోతుంది, ఇక ఎవరూ అడగరు. ఈ విషయంలో నాతో ఏకీభవించని అకౌంటెంట్లు ఉన్నారు. తేడా ఎప్పుడూ కనిపించకూడదని వాళ్ల కోరిక. నాకైతే ఈ ఒక్క తేడా ప్రతి నెలా కళ్లకి గుచ్చుకోవాలి.

ఉత్పత్తితో పాటు సమానంగా పెరిగి తగ్గే తేడా అయితే బిల్ ఆఫ్ మెటీరియల్స్ తప్పో మామూలు తరుగో అనుకోండి. రెండు నెలలు ఏమీ లేకుండా మూడో నెల ఒక్కసారిగా 500 పోతే అది ఒక సంఘటన. ఒక లాట్ చెడింది, లేదా ఒక పెట్టె బయటికి వెళ్లింది.

బిల్ ఆఫ్ మెటీరియల్స్ తప్పు అన్నాను కాబట్టి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం రాయగడ వైపు ఒక సీలింగ్ ఫ్యాన్ల అసెంబ్లీ యూనిట్ లెక్కలు చూసేవాణ్ణి. వాళ్లు మధ్యలో 2.5 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ మానేసి 3.15ది వేయడం మొదలుపెట్టారు. షాప్‌ఫ్లోర్‌లో అందరికీ తెలుసు, నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. బిల్ ఆఫ్ మెటీరియల్స్‌లో పాతదే ఉంది. ఫ్యాన్ పూర్తయిన ప్రతిసారీ పుస్తకం పాత కెపాసిటర్‌ను తగ్గిస్తూ పోయింది, కొత్తది పేరుకుంటూ పోయింది. రెండింటి ధరా దాదాపు ఒకటే కావడంతో మొత్తం విలువ చక్కగా సరిపోయింది. నాలుగు నెలల తర్వాత బ్యాంకు స్టాక్ ఆడిట్‌కి వచ్చినాయన పాత కెపాసిటర్ ఎదురుగా మైనస్ తొమ్మిది వేలు చూసి "ఇవి ఎక్కడ పెట్టారు, చూపించండి" అన్నాడు. మైనస్ తొమ్మిది వేల కెపాసిటర్లు చూపించాలి నేను! ఆ రోజు నుంచి ప్రతి సోమవారం మొదట చేసే పని నెగెటివ్ స్టాక్ రిపోర్ట్ చూడటం. బ్యాక్‌ఫ్లష్‌లో నెగెటివ్ వచ్చిందంటే సాధారణంగా మూడు కారణాలు: కొనుగోలు బిల్లు ఇంకా ఎంట్రీ కాలేదు, బిల్ ఆఫ్ మెటీరియల్స్ మారింది, లేదా పూర్తయిన సంఖ్య ఎక్కువ రాశారు.

మీరు టాలీ వాడుతుంటే ఇదంతా వేరే సాఫ్ట్‌వేర్ లేకుండా నడుస్తుంది. స్టాక్ జర్నల్ వోచర్ టైప్‌లో `Use as a manufacturing journal` అన్నదానికి `Yes` పెట్టి, బల్బు ఐటమ్‌కి బిల్ ఆఫ్ మెటీరియల్స్ కడితే, పూర్తయిన సంఖ్య కొట్టగానే భాగాలు అవే వస్తాయి. వచ్చిన పరిమాణాలని అక్కడికక్కడే మార్చే వీలు కూడా ఉంది. ఆ వీలే ప్రమాదం. నెలాఖరున తేడా పోవడానికి మార్చేవాళ్లుంటారు. మార్చకండి, ఎక్కువ వాడినదానికి విడిగా ఎంట్రీ వేయండి.

పూర్తయిన సంఖ్యని ఎక్కడ తీసుకుంటున్నారో కూడా చూసుకోండి. డిఫ్యూజర్ నొక్కగానే లెక్కపెడితే తప్పు. ఏజింగ్ ర్యాక్‌లో వెలిగి, పాస్ అయ్యి, పెట్టెలో పడ్డాకే లెక్క. ర్యాక్‌లో ఫెయిలైనవి కూడా ఫినిష్డ్ గూడ్స్‌లోకి ఎక్కితే గోడౌన్ లెక్క పెరుగుతుంది, మెటీరియల్ లెక్క సరిగ్గానే కనిపిస్తుంది. అప్పుడు తేడా వెతకాల్సిన చోటే మారిపోతుంది.

ఇష్యూ స్లిప్పులు తీసేసినా ఒక్క కాగితం మాత్రం టేబుల్ దగ్గర ఉంచండి. ఒక అట్టకి క్లిప్పు పెట్టి, భాగం పేరు, "ఖరాప్" ఎన్ని, అంతే. మన షెడ్డుల్లో ఒడియా వాళ్లూ తెలుగు వాళ్లూ కలిసే పనిచేస్తారు, రిజెక్షన్ అంటే అర్థం కానివాళ్లకీ ఖరాప్ అంటే తెలుసు. రాయడం కష్టమైతే గీతలు గీయమనండి. ఈ కాగితం మీకు ఇంకోచోట కూడా కావాలి. సీజీఎస్టీ రూల్స్‌లో 56(12) ప్రకారం తయారీదారు ప్రతి నెలా వాడిన ముడిసరుకు, తయారైన సరుకు, వేస్ట్ పరిమాణాలతో ప్రొడక్షన్ అకౌంట్ ఉంచాలి. బ్యాక్‌ఫ్లష్ అంకెలు "వాడి ఉండాల్సిన" అంకెలు. ఖరాప్ కాగితం, నెలాఖరు లెక్కింపు కలిస్తేనే అవి నిజంగా వాడిన అంకెలవుతాయి.

ఆడిటర్ విషయం. స్టాక్ విలువ కట్టడం గురించిన అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్-2 ప్రకారం సగం తయారైన సరుకులో కూడా అప్పటిదాకా పడిన కన్వర్షన్ ఖర్చు ఉండాలి. బ్యాక్‌ఫ్లష్‌లో అది సున్నా. నెలానెలా దాని జోలికి వెళ్లకండి. మార్చి 31న మాత్రం టేబుల్ మీద ఉన్నవి లెక్కపెట్టండి. 150 బల్బులు సగం పనిలో ఉన్నాయనుకుంటే 150 ఇంటూ 5, ₹750. ఒక సర్దుబాటు ఎంట్రీ వేసి, లెక్కింపు షీటు మీద సంతకాలు పెట్టించి ఫైల్లో ఉంచండి. అలా ఇస్తే పేచీ పెట్టిన ఆడిటర్‌ను నేను చూడలేదు. షీటు లేకుండా "మాది జస్ట్ ఇన్ టైమ్ సార్, డబ్ల్యూఐపీ ఉండదు" అంటే మాత్రం వదలరు. వదలకూడదు కూడా. బ్యాంకుకిచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ కూడా ఆ ₹40,000 మీద కాదు, లెక్కపెట్టిన అంకె మీదే ఇవ్వండి.

మీ దగ్గర ఇది ఎక్కడ చెడుతుందో చెప్పి ఆపుతాను. అక్టోబరు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర. రోడ్డు ఆగితే విశాఖ వ్యాన్ రాదని అనుభవం ఉన్న ఏ ఓనరైనా ఆ నెలలో పదిహేను రోజుల సరుకు ముందే తెప్పిస్తాడు. దీపావళి కోసం తయారైన బల్బులు కూడా పేరుస్తాడు. గోడౌన్‌లో 400 బదులు 8,000 బల్బులున్నాయనుకోండి. ఆ ₹12,000 కన్వర్షన్ తేడాలో వాటి వాటా ₹240 కాదు, ₹4,800. మెటీరియల్ ఖాతాలో ₹40,000 బదులు నాలుగు లక్షలకి పైగా ఉంటుంది, అందులో వచ్చే తేడా కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. నెలకొకసారి లెక్కపెట్టడం అప్పుడు చాలదు. సెప్టెంబరు చివరి నుంచి స్టాక్ మళ్లీ రెండు రోజులకి దిగేదాకా డ్రైవర్లు, ప్లేట్లు వారం వారం లెక్కపెట్టండి. విలువలో ఐదింట మూడు వంతులకి పైగా ఆ రెండే. క్యాపులూ పెట్టెలూ నెలాఖరు దాకా ఆగుతాయి. కన్వర్షన్ తేడాని కూడా స్టాక్ ఎక్కువున్న ఆ నెలల్లో గోడౌన్‌లో ఉన్నవాటికి పంచండి. లెక్కింపు శనివారం సాయంత్రం, ఏజింగ్ ర్యాక్ ఖాళీ అయ్యాక పెట్టుకుంటే గంటన్నర పని, ఇద్దరు మనుషులు చాలు. అందులో ఒకరు స్టోర్ మనిషి కాకుండా చూసుకోండి.